రెండు రియాక్షన్లు కూడితే మొత్తం లోడ్ వచ్చింది, అయినా ఆన్సర్ తప్పు. ఎలా?

ప్రశ్న: అన్నా, డిప్లొమా సివిల్ చదువుతున్నాను. 6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్, ఎడమ చివర ఎ, కుడి చివర బి. ఎ నుంచి 2 మీటర్ల దగ్గర 24 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్ ఉంది. ఎ నుంచి 3 మీటర్ల దగ్గర మొదలై బి దాకా మీటరుకు 10 కిలోన్యూటన్ల యూడీఎల్ ఉంది. నాకు ఎ దగ్గర 38.5, బి దగ్గర 15.5 వచ్చాయి. కూడితే 54, మొత్తం లోడ్ కూడా 54. కానీ పుస్తకం వెనక 23.5, 30.5 అని ఉంది. బ్యాలెన్స్ అయ్యాక తప్పు ఎలా అవుతుంది? పుస్తకంలోనే తప్పు పడిందా? పరీక్షలో వెనక ఆన్సర్లు ఉండవు కదా, అక్కడ ఎలా చెక్ చేసుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, పుస్తకంలో తప్పేం లేదు. నీ లెక్క నువ్వు పంపలేదు గానీ అందులో ఏం జరిగిందో ఈ రెండు అంకెలే చెప్పేస్తున్నాయి. ఎ చుట్టూ మూమెంట్లు తీసుకుని బి రియాక్షన్ 15.5 అని తెచ్చావు, తర్వాత 54 లోంచి 15.5 తీసేసి ఎ దగ్గర 38.5 అని రాశావు, చివర్లో ఆ రెండూ కూడి 54 వచ్చిందని సంతోషపడ్డావు. 54 లోంచి తీసేసిన దాన్ని మళ్లీ 54కి కలిపితే 54 రాక ఇంకేం వస్తుంది? బి దగ్గర 15.5 బదులు 2 అని వచ్చినా, 400 అని వచ్చినా నీ చెక్ పాసయ్యేదే, ఎందుకంటే రెండో అంకెని పుట్టించిందే ఆ సమీకరణం. ఏ సమీకరణంతో ఆన్సర్ తెచ్చావో దానితోనే చెక్ చేస్తే తీసివేత సరిగ్గా చేశావా లేదా అన్నది తప్ప ఇంకేమీ బయటపడదు.

ముందు సరైన లెక్క చూద్దాం. యూడీఎల్ 3 మీటర్ల పొడవు, మీటరుకు 10, అంటే మొత్తం 30 కిలోన్యూటన్లు, అది దాని మధ్యలో పడుతున్నట్టు లెక్క. ఆ మధ్య బిందువు ఎ నుంచి ఎంత దూరం? యూడీఎల్ మొదలయ్యేదే 3 దగ్గర, అక్కణ్ణుంచి ఇంకో 1.5, మొత్తం 4.5. కింద RA, RB అన్నవి ఎ, బి రియాక్షన్లు.

```
RB × 6 = 24×2 + 30×4.5 = 48 + 135 = 183
RB = 30.5
RA = 54 − 30.5 = 23.5
```

నువ్వు ఆ 4.5 ఉండాల్సిన చోట 1.5 వేశావు. యూడీఎల్ పొడవులో సగం కదా అని 3ని రెండుతో భాగించి ఊరుకున్నావు, అది మొదలయ్యే దాకా ఉన్న 3 మీటర్లు కలపలేదు. అప్పుడు 48కి 45 కలిసి 93, దాన్ని 6తో భాగిస్తే నీ 15.5. బీమ్ లెక్కల్లో చాలామంది పడే గోతుల్లో ఇదొకటి, యూడీఎల్ ఎ దగ్గరే మొదలైతే ఈ గొయ్యి కనబడదు కూడా, అందుకే మొదటి రెండు మూడు లెక్కలు బాగానే వచ్చి నాలుగో లెక్కలో తన్నేస్తుంది.

ఇప్పుడు అసలు చెక్. ఎ వదిలేసి బి దగ్గర నిలబడి మూమెంట్లు తీసుకో. బి రియాక్షన్ ఆ బిందువులోంచే పోతుంది కాబట్టి దానికి మూమెంట్ లేదు, మిగిలింది నీ 38.5, రెండు లోడ్లు.

```
RA × 6  = 38.5×6 = 231
లోడ్లు  = 24×4 + 30×1.5 = 96 + 45 = 141
తేడా    = 90
```

231, 141 ఎక్కడా కలవవు. ఆన్సర్ తప్పని ఇక్కడ తేలింది, పుస్తకం వెనక చూడక్కర్లేకుండానే. పుస్తకం ఆన్సర్ వేసి చూడు, 23.5ని 6తో గుణిస్తే 141, సరిగ్గా అంతే.

ఆ 90ని మాత్రం అప్పుడే వదిలేయకు. చాలామంది తేడా రాగానే "తప్పు" అనుకుని మొత్తం కొట్టేసి మొదటి నుంచి మొదలుపెడతారు, పరీక్షలో అది పది నిమిషాల ఖర్చు, పైగా అదే కన్నుతో అదే బొమ్మ చూసి అదే తప్పు మళ్లీ చేసే అవకాశం ఎక్కువ. తేడానే అడిగితే చాలాసార్లు అదే దారి చూపిస్తుంది. ఇది 90 కిలోన్యూటన్ మీటర్లు, అంటే ఏదో ఒక లోడ్‌ని ఏదో ఒక దూరంతో గుణిస్తే వచ్చింది. నీ దగ్గరున్న లోడ్లు రెండే, 24, 30. 90ని 24తో భాగిస్తే 3.75, ఆ దూరం బొమ్మలో ఎక్కడా లేదు. 30తో భాగిస్తే 3. బొమ్మలో 3 మీటర్లు ఎక్కడుంది? ఎ నుంచి యూడీఎల్ మొదలయ్యే దాకా. ఇంకేం కావాలి, యూడీఎల్ దూరంలో 3 మీటర్లు మింగేశావని అదే చెబుతోంది. ప్రతిసారీ ఇంత శుభ్రంగా దొరకదు, రెండు తప్పులు కలిసి ఉంటే తేడా కలగాపులగం అవుతుంది, కానీ ఒక్క తప్పే ఉన్నప్పుడు ఈ భాగహారం ముప్పై సెకన్ల పని.

బలాలు బ్యాలెన్సయ్యి మూమెంట్ మాత్రం మిగిలిపోవడం అంటే ఏంటో కూడా ఒకసారి ఊహించుకో. నీ అంకెలతో నిజంగా బీమ్‌ని నిలబెడితే అది పైకీ లేవదు, కిందికీ పడదు, కానీ తిరుగుతుంది. ఎడమ చివర కావలసిన దానికంటే 15 ఎక్కువగా పైకి నెట్టావు, కుడి చివర అంతే 15 తగ్గించావు, కాబట్టి ఎడమ చివర లేచి కుడి చివర దిగుతుంది. ఆ 15ని స్పాన్ 6తో గుణించు, అదే 90. అందుకే ఈ మిగులు ఏ బిందువు చుట్టూ తీసుకున్నా 90 గానే వస్తుంది, కావాలంటే బీమ్ మధ్యలో నిలబడి లెక్కేసి చూడు, గడియారం దిశలో 160.5, ఎదురు దిశలో 70.5, తేడా మళ్లీ 90.

ఇక్కడ నీకో సందేహం రావాలి. ఏ బిందువు చుట్టూ అయినా ఒకటే అయితే బి దగ్గరికే ఎందుకు వెళ్లాలి? ఎ చుట్టూ మూమెంట్లు, నిలువు బలాలు, ఈ రెండూ సున్నా అయితే బి చుట్టూ మూమెంట్లు దానంతట అవే సున్నా అవుతాయి. అంటే మూడు సమీకరణాల్లో స్వతంత్రమైనవి రెండే, మూడోది కొత్త సంగతి ఏమీ చెప్పదు. నిజమే, గణితం ప్రకారం కొత్తదేమీ లేదు. కొత్తగా వచ్చేది దూరాలు. ఎ నుంచి కొలిచినప్పుడు యూడీఎల్ మధ్యకి 3 కలిపి 1.5 అనాలి, బి నుంచి కొలిచినప్పుడు ఉత్తి 1.5 సరిపోతుంది. ఒకవైపు నుంచి గొయ్యి ఉన్న చోట రెండో వైపు నుంచి చదునుగా ఉంటుంది. చెక్ పట్టుకునేది ఆ తేడాని.

అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. బి నుంచి దూరాలు రాసేటప్పుడు ఎ నుంచి రాసిన దూరాన్ని 6లోంచి తీసేసి రాయకు. అలా చేస్తే ఏమవుతుందో నీ లెక్కలోనే చూడు. నువ్వు యూడీఎల్‌కి ఎ నుంచి 1.5 అనుకున్నావు, కాబట్టి బి నుంచి 6 మైనస్ 1.5, 4.5 అంటావు. అప్పుడు:

```
24×4 + 30×4.5 = 96 + 135 = 231
38.5×6        = 231
```

అచ్చంగా సరిపోయింది! ఆన్సర్ తప్పు, బలాలు బ్యాలెన్స్, ఎ చుట్టూ మూమెంట్ బ్యాలెన్స్, బి చుట్టూ మూమెంట్ కూడా బ్యాలెన్స్. నువ్వు లెక్కేసింది వేరే బీమ్‌ది, 30 కిలోన్యూటన్లు ఎడమ సగంలో ఉన్న బీమ్‌ది, దానికి నీ ఆన్సర్ నూటికి నూరు శాతం కరెక్టే. కాబట్టి బి దగ్గరికి వెళ్లినప్పుడు ముందు రాసిన లెక్కని చేత్తో మూసేసి, బొమ్మ మీద వేలు పెట్టి బి నుంచి కొత్తగా కొలువు. రెండు వైపుల దూరాలూ విడివిడిగా రాశాక అప్పుడు కూడి చూడు, సపోర్టుల మధ్యున్న ప్రతి లోడ్‌కీ రెండు దూరాలు కలిపితే స్పాన్ రావాలి. 24కి 2, 4, మొత్తం 6, బాగుంది. యూడీఎల్‌కి నువ్వు విడిగా కొలిచి ఉంటే ఎ నుంచి 1.5, బి నుంచి 1.5, మొత్తం 3 వచ్చేది, ఒక్క మూమెంట్ కూడా లెక్కెయ్యకుండానే అక్కడే దొరికిపోయేది.

నన్నడిగితే పరీక్షలో వరసే మార్చేయమంటాను. ఎ చుట్టూ మూమెంట్లతో బి రియాక్షన్, బి చుట్టూ మూమెంట్లతో ఎ రియాక్షన్, రెండూ విడివిడిగా తెచ్చుకో, తీసివేత జోలికి పోకు. అప్పుడు బలాల కూడిక చేతిలో మిగిలి ఉంటుంది, ఈసారి అది నిజమైన చెక్. నీ తప్పుతో ఇలా చేసి ఉంటే బి దగ్గర 15.5, ఎ దగ్గర 23.5 వచ్చేవి, కూడితే 39. కావలసింది 54. 15 తక్కువ. ఆ 15ని స్పాన్‌తో గుణిస్తే మళ్లీ అదే 90, దాన్ని 30తో భాగిస్తే అదే 3 మీటర్లు. రెండు దారులూ ఒక్క చోటికే తీసుకెళ్తాయి గానీ ఈ రెండో దారిలో చెక్ అంటే ఒక్క కూడికే, టైం లేనప్పుడు ఇది నయం. భాగహారం సరిగ్గా తెగని అంకెలొచ్చినప్పుడు మాత్రం రెండో దశాంశంలో ఒకటి అటూ ఇటూ తేడా వస్తే కంగారుపడకు, అది రౌండ్ చేయడం వల్ల వచ్చింది, అలాంటప్పుడు భిన్నంలోనే ఉంచి కూడితే సరిగ్గా కలుస్తుంది.

మొత్తం లోడ్ 54 అన్నావు చూడు, ఆ అంకె ఎక్కణ్ణుంచి తెస్తావన్నది కూడా ముఖ్యం. ఇంకొకరు ఇదే లెక్కలో యూడీఎల్‌ని పొడవుతో గుణించడం మర్చిపోయి 10 కిలోన్యూటన్లే అనుకున్నారనుకో, దూరం మాత్రం సరిగ్గా 4.5 వేశారు. 10ని 4.5తో గుణిస్తే 45, 48 కలిపితే 93, బి దగ్గర 15.5. నీకొచ్చిన అంకే! రెండు వేర్వేరు తప్పులు, ఒకే 15.5. వాళ్లు మొత్తం 34 అనుకుంటారు కాబట్టి ఎ దగ్గర 18.5 రాస్తారు. బి చుట్టూ చెక్ చేస్తే 96కి 15 కలిసి 111, 18.5ని 6తో గుణించినా 111. అన్ని చెక్‌లూ పాస్, ఆన్సర్ తప్పు. లోడ్ విలువే తప్పుగా చదివితే బ్యాలెన్స్ సమీకరణాలు ఏవీ పట్టుకోలేవు, అవి నువ్విచ్చిన లోడ్లకి న్యాయం చేస్తాయంతే. దీనికి మందు ఒక్కటే, లెక్క మొదలుపెట్టక ముందే ప్రశ్న చదువుతూ బొమ్మ పక్కన మొత్తం లోడ్ రాసి దాని చుట్టూ గీత గీసి పెట్టుకో, మీటరుకు 10, 3 మీటర్లు, 30, దానికి 24, మొత్తం 54. చివర్లో కూడిక చేసేటప్పుడు లెక్క మధ్యలోంచి కాకుండా ఆ గీతలోని అంకెతో పోల్చు.

దీనికి తోడు ఒక్క చూపు చూసే అలవాటు ఉండాలి. ఇద్దరు మనుషులు కర్రకి బస్తా వేలాడదీసి మోస్తుంటే బస్తా ఎవరి వైపు జరిగితే వాళ్ల భుజం మీదే బరువెక్కువ. నీ బీమ్‌లో 54లో 30 కుడి సగంలో, బి పక్కనే ఉంది. 24 ఎడమ వైపుంది గానీ అది కూడా ఎ నుంచి 2 మీటర్ల లోపలికి ఉంది. విడివిడిగా పంచు: 24లో మూడింట రెండొంతులు, 16, ఎ కి, మిగతా 8 బి కి. 30లో నాలుగో వంతు, 7.5, ఎ కి, 22.5 బి కి. కూడితే 23.5, 30.5. ఇంత లెక్క వెయ్యకపోయినా బరువైన లోడ్ బి వైపు అంత దగ్గరగా ఉంటే ఎ దగ్గర 38.5, బి దగ్గర 15.5 అన్న ఆన్సర్ చూడగానే మనసు పీకాలి.

ఇంకో రకం లెక్క ఉంటుంది, బీమ్ మీద కపుల్ ఇస్తారు. నీ బీమ్ మీదే మధ్యలో ఎక్కడో గడియారం దిశలో 12 కిలోన్యూటన్ మీటర్ల కపుల్ ఉందనుకో. బలాల కూడికలో అది అసలు కనబడదు, మొత్తం 54 లో మార్పుండదు. మూమెంట్లలో ఎ చుట్టూ తీసుకున్నా బి చుట్టూ తీసుకున్నా అదే 12, దూరంతో గుణించకూడదు, ఎక్కడ ఉందన్నది రియాక్షన్లకి పట్టదు. బి దగ్గర 12ని 6తో భాగించిన 2 పెరిగి 32.5, ఎ దగ్గర 2 తగ్గి 21.5. జనం తడబడేది గుర్తు దగ్గర. ఎ చుట్టూ తీసుకున్నప్పుడు కిందికున్న లోడ్లు గడియారం దిశలో తిప్పుతాయి కాబట్టి కపుల్ లోడ్లతో కలుస్తుంది, బి చుట్టూ తీసుకున్నప్పుడు అవే లోడ్లు ఎదురు దిశలో తిప్పుతాయి, కపుల్ మాత్రం దిశ మార్చుకోదు, అందుకని లోడ్లలోంచి తీసేయాలి. అక్కడ అలవాటుగా కలిపేస్తే ఎ దగ్గర 153ని 6తో భాగించి 25.5 వస్తుంది, 32.5తో కూడితే 58. 4 ఎక్కువ. 4ని 6తో గుణిస్తే 24, అంటే 12కి రెట్టింపు. తేడా ఏదైనా మూమెంట్‌కి సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే ముందుగా గుర్తునే అనుమానించు. కానీ బొమ్మలో బాణం దిశే తప్పు చూసి రెండు వైపులా తిరగేసి రాస్తే, లోడ్ తప్పు చదివినట్టే, ఏ చెక్కూ పట్టుకోదు.

ఓవర్‌హ్యాంగ్ ఉన్న బీమ్‌లో దూరాల కూడిక కొంచెం మారుతుంది. బి దాటి 1.5 మీటర్ల దగ్గర 8 కిలోన్యూటన్ల లోడ్ ఉందనుకో, ఎ నుంచి 7.5, బి నుంచి అవతలి వైపు 1.5, దాన్ని మైనస్ 1.5 అని రాస్తే కూడిక మళ్లీ 6 అవుతుంది. ఆ లోడ్ వల్ల బి దగ్గర 10 పెరుగుతుంది, ఎ దగ్గర 2 తగ్గుతుంది. 8 లోడ్‌కి బి దగ్గర 10 ఏంటని భయపడకు, ఎ చివర పైకి లేవబోతుంటే దాని రియాక్షన్ తగ్గింది, ఆ 2 కూడా బి మీదే పడింది. కపుల్ లేకుండా నీ మొదటి బీమ్‌కి ఇది కలిపితే 21.5, 40.5, కూడితే 62, అంటే 54కి 8.

ఇదంతా రెండే సపోర్టులు, ఒకటి హింజ్, ఒకటి రోలర్, ఉన్న బీమ్‌కి చెల్లుతుంది. మధ్యలో మూడో సపోర్టు వచ్చిందంటే నిలువు రియాక్షన్లు మూడు, స్వతంత్ర సమీకరణాలు ఇంకా రెండే. అప్పుడు మధ్య రియాక్షన్ నీ ఇష్టమొచ్చిన అంకె వేసుకుని మిగతా రెండూ దాన్ని బట్టి తెచ్చినా బలాలు, రెండు చివర్ల మూమెంట్లు అన్నీ బ్యాలెన్స్ అయిపోతాయి. అక్కడ బ్యాలెన్స్ కాకపోతే ఆన్సర్ తప్పని చెప్పొచ్చు గానీ, అయినంత మాత్రాన కరెక్టని చెప్పలేం, దానికి బీమ్ ఎంత వంగుతుందో లెక్కలోకి తీసుకోవాలి. డిఫ్లెక్షన్లు అయ్యాక ఆ కంటిన్యుయస్ బీమ్‌లు వస్తాయి, అప్పుడు ఇంకో ఉత్తరం రాయి.